మొత్తం మీద పోగొట్టుకున్నాను, అయినా పన్ను కట్టాలా?

ప్రశ్న: గత పన్ను సంవత్సరంలో రెండు ఆన్‌లైన్ సైట్లలో డబ్బు పెట్టి ఆడాను. ఒకదాంట్లో క్రీడల మీద పందేలు, రెండో దాంట్లో పేకాట. డబ్బు వాలెట్ ద్వారా పంపేవాణ్ని, గెలిచింది నేరుగా బ్యాంకుకు వచ్చేది. ఏడాది చివరికి చేతి చమురే వదిలింది. కానీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ సైట్ల నుంచి 3,40,000 వచ్చినట్టు ఉంది. మొదటి సైటు పంపిన వార్షిక పట్టీలో నేను 21,40,000 పందెం కాసినట్టు ఉంది. అంత డబ్బు నేనెన్నడూ కళ్లచూడలేదు. ఒక రాత్రి పేకాటలో 1,20,000 గెలిచి, బయటికి తీయకుండా అక్కడే ఆడి చాలావరకు పోగొట్టాను. నష్టపోయినవాడికి పన్నేమిటని ఒక మిత్రుడు, బ్యాంకులో పడని డబ్బు లెక్కలోకి రాదని ఇంకో మిత్రుడు అంటున్నారు. నేనేదీ రాసిపెట్టుకోలేదు. ఆడతానని నా భార్యకు తెలుసు, ఎంత అన్నది తెలియదు. రిటర్ను గడువు దగ్గరపడుతోంది. దొరికిన స్టేట్‌మెంట్లన్నీ జతచేస్తున్నాను. ఏం చేయమంటారు?

సమాధానం: ముందు ఆ 21,40,000 సంగతి చూద్దాం. మిమ్మల్ని ఎక్కువగా భయపెట్టింది అదేనని ఉత్తరం చదివితే తెలుస్తోంది. అది మీరు పెట్టిన డబ్బు కాదు, మీ డబ్బు తిరిగిన దూరం. చేతిలో ఉన్న 1,000 పందెం కాశారనుకోండి, గెలిచి 1,900 వచ్చింది. ఆ 1,900 మళ్లీ కాశారు, పోయింది. జేబులోంచి పోయింది 1,000 మాత్రమే. సైటు పట్టీలో మాత్రం పందెం మొత్తం 2,900 అని పడుతుంది. ఇలా ఏడాది పొడవునా జరిగితే అంకె లక్షలు దాటడంలో వింత లేదు. దాని పక్కనే ఇంకో వరుస ఉంది చూడండి, పందేల మీద తిరిగి వచ్చినది 20,85,000 అని. ఈ రెండిటి తేడా 55,000. ఆ సైట్లో మీకు జరిగిన నష్టం అంతే. ఈ అంకె గుర్తుంచుకోండి, కాసేపట్లో మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

మీ గందరగోళమంతా నాలుగు వేర్వేరు మొత్తాలు ఒకదానిలో ఒకటి కలిసిపోవడం వల్ల వచ్చింది. డిపాజిట్ అంటే మీ డబ్బు సైటు ఖాతాలోకి వెళ్లడం, అది నష్టం కాదు. విత్‌డ్రా అంటే సైటు ఖాతా నుంచి డబ్బు మీ చేతికి రావడం, అది గెలుపు కాదు. మీరు వేసిన 10,000 ఆడకుండా వెనక్కి తీసుకున్నా బ్యాంకు స్టేట్‌మెంట్‌లో అది "సైటు నుంచి వచ్చిన డబ్బు"గానే కనిపిస్తుంది. గెలుపు, ఓటమి అనేవి ఈ రెండిటి మధ్య, సైటు లోపల జరుగుతాయి. బ్యాంకు వాటిని చూడలేదు. అందుకే డబ్బు రాకపోకలు మాత్రమే పట్టుకుని లెక్క కట్టినవాళ్లు ఎప్పుడూ తప్పుతారు. 3,40,000 మొత్తం ఆదాయమేమోనని కొందరు హడలిపోతారు. వేసింది 3,50,000, వచ్చింది 3,40,000 కాబట్టి 10,000 నష్టం, ఇక చూడాల్సిందేమీ లేదని కొందరు తేల్చేస్తారు. రెండూ సరికావు.

ఇక నష్టపోయినవాడికి పన్నేమిటన్న మీ మిత్రుడి మాట. వినడానికి న్యాయంగానే ఉంది, కానీ పన్ను చట్టం అడిగే ప్రశ్న అది కాదు. ముందుగా అది "ఈ డబ్బు ఆదాయమా?" అని అడుగుతుంది. దీనికి ఒక్కో దేశం ఒక్కో జవాబు చెప్పింది. బ్రిటన్‌లో జూదంలో గెలిచిన మామూలు ఆటగాడు పన్ను కట్టడు. ప్రభుత్వం సుంకాన్ని ఆట నడిపే సంస్థ నుంచి తీసుకుంటుంది. ఇంట్లో కూర్చుని గుర్రప్పందేలు కాస్తూ దాని మీదే బతికిన మనిషి విషయంలో కూడా, అది వృత్తి గానీ వ్యాపారం గానీ కాదని 1925లో అక్కడి కోర్టు తీర్పు ఇచ్చింది. పందెం కాయడంలో వస్తువు అమ్మడం లేదు, సేవ చేయడం లేదు, ఆదాయానికి ఒక మూలం అంటూ లేదు అన్నది అక్కడి ఆలోచన. భారతదేశంలో దీనికి పూర్తిగా ఎదురు దారి. లాటరీ, గుర్రప్పందెం, పేకాట, జూదం గెలుపులు ఆదాయమేనని 1972లో చట్టం నిర్వచనంలోనే రాసేశారు. ఒకసారి అలా రాశాక మూలం ఏమిటన్న వాదనకు చోటు లేదు. అమెరికాలోనూ ఏ దారిన వచ్చిన ఆదాయమైనా ఆదాయమే.

ఆదాయమని తేలాక రెండో ప్రశ్న వస్తుంది: ఓటములను అందులోంచి తీసేయనిస్తారా? మీ మిత్రుడు పొరబడింది ఇక్కడే. తీసేయనివ్వాలన్న సహజ నియమం ఏదీ లేదు. కొన్ని చట్టాలు ఏడాది మొత్తం మీద నికరంగా మిగిలిందే చూస్తాయి. కొన్ని ప్రతి గెలుపునూ విడిగా చూసి, ఓటములకు వేరే గదిలో, వేరే షరతులతో చోటిస్తాయి. కొన్ని ఓటములను అసలు పట్టించుకోవు. భారత్‌లో ఆన్‌లైన్ ఆటలకు 2023 ఏప్రిల్ 1 నుంచి నికర గెలుపు లెక్క వచ్చింది. ఆ నికరం మీద 30 శాతం పన్ను, దానిపై సెస్ అదనం. మిగతా ఆదాయం ఎంత తక్కువైనా దీనికి కనీస మినహాయింపు లేదు. నికరంగా నష్టం వస్తే దాన్ని జీతంలోంచో అద్దెలోంచో తీసేయడానికీ, వచ్చే ఏడాదికి మోసుకుపోవడానికీ వీల్లేదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025లో అక్కడ చట్టమే నిషేధించింది. అయినా ఆట నిషిద్ధమైనంత మాత్రాన వచ్చిన డబ్బు పన్ను నుంచి తప్పించుకోదు. ఆ రెండూ వేర్వేరు చట్టాలు అడిగే వేర్వేరు ప్రశ్నలు.

మీరు ఏ దేశంలో రిటర్ను వేస్తారో రాయలేదు కాబట్టి, మీ అంకెలు ఎక్కడైనా పనికొచ్చేలా కట్టి చూపిస్తాను. మొత్తాలన్నీ మీ కరెన్సీలోవే. ఎక్కడైనా ముందుగా కావలసింది ఇదొక్కటే:

నికర ఫలితం = (విత్‌డ్రాలు + ముగింపు నిల్వ) − (డిపాజిట్లు + ప్రారంభ నిల్వ)

ప్రారంభ నిల్వ అంటే పన్ను సంవత్సరం మొదటి రోజు సైటు ఖాతాలో ఉన్నది. ముగింపు నిల్వ అంటే చివరి రోజు రాత్రి అందులో మిగిలినది. ఈ రెండూ ఎందుకంటే, పోయిన ఏడాది వేసిన డబ్బును ఈ ఏడాది గెలిచినట్టు చూపకూడదు. ఈ ఏడాది గెలిచి లోపలే ఉంచినదాన్ని వదిలేయనూ కూడదు. మీ మొదటి సైటులో ప్రారంభ నిల్వ 8,000, డిపాజిట్లు 2,60,000, విత్‌డ్రాలు 2,10,000, ముగింపు నిల్వ 3,000. అంటే 2,13,000 లోంచి 2,68,000 తీయాలి. నష్టం 55,000. సైటు పట్టీలో పందేలకూ తిరిగి వచ్చినదానికీ తేడా అంతే కదా. రెండు వేర్వేరు దారుల్లో వెళ్లి ఒకే అంకె దగ్గరికి చేరాం కాబట్టి ఈ సైటు లెక్క మీద ఇక అనుమానం అక్కర్లేదు. లెక్క రాసుకోనివాళ్లకు ఇంతకన్నా గట్టి సాక్ష్యం దొరకదు.

రెండో సైటులో ప్రారంభ నిల్వ ఏమీ లేదు, ఖాతా కొత్తది. డిపాజిట్లు 90,000, విత్‌డ్రాలు 1,30,000, ముగింపు నిల్వ 12,000. 1,42,000 లోంచి 90,000 తీస్తే 52,000 లాభం. అవునండీ, పేకాటలో మీరు లాభంలో ఉన్నారు. ఇక్కడ కూడా రెండో దారిలో సరిచూడబోతే అంకె కలవలేదు. పందేలు 6,10,000, తిరిగి వచ్చినది 6,58,000, తేడా 48,000 మాత్రమే. 4,000 ఎక్కడి నుంచి ఊడిపడ్డాయి?

మీరు పంపిన లావాదేవీల చిట్టాలో ఒక వరుస దొరికింది. ఖాతా తెరిచినప్పుడు సైటు ఇచ్చిన బోనస్ నిర్ణీత ఆట పూర్తయ్యాక నగదుగా మారి 4,000 మీ నిల్వలో చేరింది. అది మీరు వేసిన డబ్బు కాదు, పందెంలో గెలిచిందీ కాదు, కానీ తీసుకోగల డబ్బు అయింది. అందుకే నికర ఫలితంలో కనిపించింది, పందేల లెక్కలో కనిపించలేదు. చాలామంది బోనస్‌ను డిపాజిట్ల వరుసలో వేస్తారు, అది పెద్ద తప్పు. అలా వేస్తే మీ జేబులోంచి పోని 4,000 పోయినట్టు చూపించి, నికరాన్ని తగ్గించినట్టవుతుంది. బయటికి తీసుకోవడానికి వీల్లేని దశలో ఉన్న బోనస్‌ను అసలు లెక్కలో వేయకండి. నగదుగా మారిన రోజున, ఆ తేదీతో, దానికంటూ ఉన్న వరుసలో వేయండి.

అంకెలు కలవనప్పుడు భయపడాల్సిన పని లేదు, తేడానే దారి చూపుతుంది. నేను ఏళ్ల తరబడి చిట్టాలు సరిచూస్తూ నేర్చుకున్న రెండు చిట్కాలు చెబుతాను. తేడాను రెండుతో భాగించినప్పుడు వచ్చే మొత్తం చిట్టాలో ఎక్కడైనా కనిపిస్తే, ఒక విత్‌డ్రాను డిపాజిట్ వైపు రాసి ఉంటారు, లేదా అటుది ఇటు. తేడా తొమ్మిదితో సరిగ్గా భాగమైతే అంకెలు తారుమారు చేసి ఉండొచ్చు, 5,400 బదులు 4,500 రాసినట్టు. ఈ రెండూ కాకపోతే ఒక వరుస వదిలేశారని వెతకండి.

రెండు సైట్లూ కలిపితే 52,000 లాభం, 55,000 నష్టం. మొత్తం మీద 3,000 నష్టం. పోయిందన్న మీ లెక్క నిజమే, కానీ డిపాజిట్లూ విత్‌డ్రాలూ మాత్రమే చూస్తే కనిపించే 10,000 కాదు. ఆ 7,000 తేడా నిల్వలది. ఏడాది మొదట 8,000 ఉన్నచోట చివరికి రెండు సైట్లలో కలిపి 15,000 ఉంది.

ఈ అంకెలను ఇప్పుడు చట్టాల ముందు పెట్టి చూడండి. అన్ని ఖాతాలనూ కలిపి నికరం చూసే చోట మీకు పన్ను పడదు. ఒక్కో ఖాతాను గానీ, ఒక్కో రకం ఆటను గానీ విడిగా చూసి, ఒకదాని నష్టాన్ని ఇంకోదానిలో తీసేయనివ్వని చోట 52,000 మీద పన్ను పడుతుంది. 3,000 నష్టంలో ఉండి కూడా! ప్రతి గెలుపునూ ఆదాయంగా చూసే చోట పరిస్థితి ఇంకా కటువు. ఒకసారి కూర్చుని లేచేవరకు ఆడినదాన్ని ఒక పూట అనుకుంటే, మీ గెలిచిన పూటలన్నీ కూడితే బోనస్‌తో సహా 3,05,000, ఓడిన పూటలన్నీ కూడితే 3,08,000. అమెరికాలో ఈ 3,05,000 ఆదాయం వైపు రాయాలి. ఓటములను ఖర్చులన్నీ విడివిడిగా చూపించే రిటర్ను వేసినవాళ్లు మాత్రమే తగ్గించుకోగలరు, అదీ గెలుపుల మొత్తాన్ని మించకుండా. పైగా 2026 నుంచి ఓటముల్లో 90 శాతమే అక్కడ లెక్కకు వస్తుంది. 3,08,000 లో 90 శాతం 2,77,200. పోగా 27,800 ఆదాయంగా మిగులుతుంది, చేతిలో పైసా మిగలకపోయినా. మీ మిత్రుడి మాట మీద రిటర్నులో ఆ గడి ఖాళీ వదిలేయవద్దని అందుకే అంటున్నాను.

రెండో మిత్రుడు చెప్పిన "బ్యాంకులో పడని డబ్బు" గురించి. పైన సూత్రంలోనే జవాబుంది. రెండో సైటులో ఉన్న 12,000 మీరు అడిగితే ఇచ్చే డబ్బు, కాబట్టి అది మీదే. భారత్‌లో ఆట నడిపే సంస్థ విత్‌డ్రా చేసినప్పుడే కాదు, ఏడాది చివర ఖాతాలో మిగిలిన నికర గెలుపు మీద కూడా పన్ను కోయాలన్నది నియమం. ఈ ఏడాది ముగింపు నిల్వగా చూపించిన 12,000 వచ్చే ఏడాది ప్రారంభ నిల్వ అవుతుంది, అప్పుడు లెక్కలోంచి తీసేస్తాం. రెండుసార్లు పన్ను పడకుండా కాపాడేది అదే. ఒక ఏడాది నిల్వ దాచేస్తే మరుసటి ఏడాది దాన్ని తీసేసే హక్కు కూడా పోతుంది.

ఆ 1,20,000 రాత్రి మీ మనసులో ముల్లులా ఉందని అర్థమైంది. నికరం చూసే చట్టంలో ఆ రాత్రికి ప్రత్యేకత లేదు. గెలిచిందీ పోయిందీ కలిసి నికరంలో ఇమిడిపోయాయి. గెలుపులను విడిగా చూసే చట్టంలో మాత్రం ఒక పూట ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందన్నది ముఖ్యం. మీ చిట్టాలో ఆ రాత్రి ఆట మొదలైన సమయం, 1,20,000కి చేరిన సమయం, ఆపిన సమయం ఉన్నాయి. మధ్యలో విరామం లేకుండా ఒకే ఆట ఆడారు. దాన్ని ఒక పూటగా చూపించి, పూట చివర మిగిలిన లాభాన్ని రాసుకోవడానికి ఆధారం ఉంది. అదే మరునాడు కూర్చుని పోగొట్టుకుని ఉంటే ఒకటి గెలిచిన పూట, ఒకటి ఓడిన పూట. సౌకర్యంగా ఉందని వాటిని కలపడం కుదరదు. అక్కడి చట్టం పూటను ఎలా చూస్తుందో మీ ఆడిటర్‌ను అడగండి, చిట్టా మాత్రం సమయాలతో సహా ఆయన ముందు పెట్టండి.

ఇప్పుడు మీరు చేయాల్సిన పని. నేను కట్టిన లెక్క మీరు పంపిన కాగితాల మీద ఆధారపడింది. వాటిలో ఇంకా కొన్ని ఖాళీలున్నాయి. రెండు సైట్ల నుంచీ పన్ను సంవత్సరం తేదీలకు సరిపోయేలా పూర్తి లావాదేవీల చిట్టా దించుకోండి. చాలా సైట్లు ఇచ్చే వార్షిక పట్టీ జనవరి నుంచి డిసెంబరుకు ఉంటుంది. భారత్‌లో పన్ను సంవత్సరం ఏప్రిల్ 1 నుంచి మార్చి 31, ఆస్ట్రేలియాలో జులై 1 నుంచి జూన్ 30. తేదీలు కలవని పట్టీతో కట్టిన లెక్క ఎంత అందంగా ఉన్నా పనికిరాదు. కోపంతోనో, ఇక ఆడనన్న పట్టుదలతోనో ఖాతా మూసేయాలనిపిస్తే, చిట్టా దించుకున్నాకే మూయండి. మూసిన ఖాతాలోకి మళ్లీ వెళ్లలేక, తమ లెక్క తామే చూడలేక ఇబ్బంది పడినవాళ్లను చూశాను. ఇప్పటికే లోపలికి వెళ్లలేకపోతే సంస్థకు రాతపూర్వకంగా అడగండి. యూరోపియన్ యూనియన్‌లో ఉంటే మీ గురించి వాళ్ల దగ్గరున్న సమాచారం నకలు కోరే హక్కు మీకుంది, మామూలుగా నెలలోగా ఇవ్వాలి.

చిట్టా చేతికొచ్చాక మూడు రకాల వరుసలను జాగ్రత్తగా చూడండి. మొదటిది, అడిగి వెనక్కి తీసుకున్న విత్‌డ్రాలు. రాత్రి 20,000 తీయమని అడిగి, అది బ్యాంకుకు చేరకముందే రద్దు చేసి మళ్లీ ఆడి ఉంటారు. మీ చిట్టాలో అలాంటివి రెండు కనిపించాయి. చిట్టాలో అది విత్‌డ్రాగా ఒకసారి, రద్దుగా ఒకసారి పడుతుంది. మొదటి వరుస మాత్రమే కూడితే రాని డబ్బు వచ్చినట్టవుతుంది. బ్యాంకులో పడినదే విత్‌డ్రా. రెండోది, విఫలమై తిరిగొచ్చిన డిపాజిట్లు, అవీ అంతే. మూడోది, కోతలు. సైటు ముందే పన్ను కోసి 10,000కి బదులు 9,000 పంపితే విత్‌డ్రా 10,000 అని రాసి, కోసిన 1,000ని పక్క వరుసలో పన్నుగా రాయండి. 9,000 అని రాస్తే మీ నికరం తప్పుతుంది, పైగా ఇప్పటికే కట్టిన పన్నును కట్టాల్సినదాంట్లోంచి తగ్గించుకోవడం మర్చిపోతారు.

వాలెట్ సంగతి వేరు. మీ బ్యాంకు నుంచి వాలెట్‌కు వెళ్లింది 3,56,000, సైట్లకు చేరింది 3,50,000. మధ్యలో 6,000 ఏమైందని చూస్తే 4,500 ఇంకా వాలెట్‌లోనే ఉంది, 1,500 రుసుము పోయింది. వాలెట్ కేవలం దారి. డబ్బు అందులో ఉన్నంతవరకు ఆటలోకి వెళ్లినట్టు కాదు. డిపాజిట్‌గా సైటు అందుకున్న మొత్తాన్నే తీసుకోండి. రుసుమును విడిగా రాయండి, దాన్ని తీసేయనిస్తారా లేదా అన్నది మీ చట్టం మీద ఉంటుంది. వాలెట్ స్టేట్‌మెంట్ తప్పకుండా దాచండి, బ్యాంకులో కనిపించేది వాలెట్ పేరే కాబట్టి డబ్బు సైటుకు చేరిందని చూపించే కాగితం అదొక్కటే.

ఇకమీదట ఆడితే మాత్రం రెండు పుస్తకాలు పెట్టండి. ఒకటి డబ్బు రాకపోకలది: తేదీ, సైటు, డిపాజిట్ లేదా విత్‌డ్రా, మొత్తం, లావాదేవీ సంఖ్య, కోసిన పన్ను, రుసుము. రెండోది ఆటది: తేదీ, మొదలుపెట్టిన సమయం, ఆట రకం, మొదలుపెట్టినప్పుడు నిల్వ, ఆపినప్పుడు నిల్వ, తేడా. ఒక్కో పూటకు ఒక్క వరుస చాలు, ప్రతి పందెమూ రాయక్కర్లేదు. అమెరికా పన్ను విభాగం 1977లో ఆటగాళ్లకు చెప్పిన డైరీ కూడా దాదాపు ఇలాంటిదే. తేదీ, పందెం రకం, ఆడిన చోటు, పక్కన ఎవరున్నారు, ఎంత గెలిచారు లేదా ఓడారు అని రాయమంది. ఆట ముగిసిన వెంటనే రాస్తేనే ఆ డైరీకి విలువ. ఏడాది తర్వాత కూర్చుని ఒకే సిరాతో నింపిన పుస్తకం అధికారి ముందు నిలవడం కష్టం. నెలకోసారి మొదటి పుస్తకం నికరాన్నీ రెండో పుస్తకం తేడాల మొత్తాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. పన్ను సంవత్సరం చివరి రోజు రాత్రి ప్రతి సైటులోనూ నిల్వ కనిపించేలా, తేదీతో సహా స్క్రీన్‌షాట్ తీయండి. నెలలు గడిచాక ఆ రోజు నిల్వ ఎంతో చూపించమంటే చూపించలేని సైట్లున్నాయి.

రిటర్ను విషయంలో మీ ముందు మూడు దారులున్నాయి. మొదటిది, ఏమీ రాయకుండా వదిలేయడం. పన్ను లేని దేశంలో అది సరైనదే, అయినా కాగితాలు పారేయకండి. బ్యాంకులో పడిన 3,40,000 ఎక్కడిదని రేపు ఎవరైనా అడిగితే జవాబు వాటిలోనే ఉంది. పన్ను ఉన్న దేశంలో ఈ దారి ప్రమాదం. భారత్‌లో సంస్థ కోసిన పన్ను మీ పేరు మీద వార్షిక సమాచార పట్టీలో కనిపిస్తుంది, అమెరికాలో పెద్ద గెలుపులను సంస్థలే పన్ను విభాగానికి తెలియజేస్తాయి. వాళ్ల దగ్గర ఒక అంకె, మీ రిటర్నులో ఖాళీ ఉంటే నోటీసు వస్తుంది. అప్పుడు వడ్డీ, జరిమానాతో పాటు, ఓటములను రుజువు చేసే భారమూ మీదే.

రెండోది, నేను కట్టిన నికరాన్నే రాసి పంపేయడం. మీ చట్టం అన్ని ఖాతాలూ కలిపి నికరం చూసేదైతే ఇది చాలు. ఖాతాలవారీగా గానీ గెలుపుల మొత్తంగా గానీ చూసేదైతే తక్కువ చూపించినట్టవుతుంది. మూడోది, ఈ లెక్కను మూడు రూపాల్లోనూ తీసుకుని ఆడిటర్ దగ్గరికి వెళ్లడం: కలిపి 3,000 నష్టం, విడిగా 52,000 లాభం, 55,000 నష్టం, పూటలవారీగా 3,05,000 గెలుపు, 3,08,000 ఓటమి. రుసుము కొంత అవుతుంది, గడువు దగ్గర కాబట్టి త్వరపడాలి. ఆయన అడగబోయే ప్రతి ప్రశ్నకూ జవాబు మీ చేతిలో ఉంటుంది కాబట్టి పని ఒక పూటలో అవుతుంది. నన్నడిగితే దీనివైపే మొగ్గుతాను. ముందు సంవత్సరాలు కూడా ఇలాగే వదిలేసి ఉంటే అదీ ఇప్పుడే చెప్పండి. వాళ్లు అడగకముందే సవరించిన రిటర్నుకూ, అడిగాక ఇచ్చిన జవాబుకూ చాలాచోట్ల జరిమానాలో తేడా ఉంటుంది.

మీ భార్య గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు, కానీ దాన్ని వదిలేసి ఉత్తరం ముగించలేను. దేశాన్నిబట్టి రిటర్ను ఇద్దరూ కలిసి వేయాల్సి రావచ్చు. కలిసి వేస్తే ఆమె సంతకం కూడా ఈ అంకెల కింద పడుతుంది. తెలియని అంకె కింద సంతకం చేయించడం ఆమెకు చేసే అన్యాయం, తర్వాత చిక్కొస్తే ఆ భారం ఆమె మీదా పడుతుంది. విడిగా వేసినా నోటీసు ఇంటికే వస్తుంది. చెప్పడం కష్టమని తెలుసు. అయితే ఇన్నాళ్లూ మీ దగ్గర చెప్పడానికి అంకె లేదు, 21,40,000 అన్న భయం మాత్రం ఉంది. ఇప్పుడు ఏడాది ఫలితం 3,000 నష్టమని, ఎలా వచ్చిందో వరుస వరుసా చూపించగలరు. ఏడాదిలో 3,50,000 సైట్లకు పంపానన్న సంగతి కూడా అదే పూట చెప్పేయండి, ఆమెకు తెలియాల్సింది నికరం ఒక్కటే కాదు. చెబుతున్నప్పుడు మీకే ఆ డిపాజిట్ల వరుస చూడలేనంత బరువనిపిస్తే, పోయినదాన్ని రాబట్టాలని మళ్లీ మళ్లీ వేశానని గుర్తొస్తే, సైటులో డిపాజిట్ పరిమితి గానీ స్వీయ నిషేధం గానీ పెట్టుకునే వీలుంటుంది. చిట్టా దించుకున్న రోజునే ఆ మీట కూడా నొక్కేయవచ్చు.